ఏడాది చివరి క్లోజింగ్ ఎంట్రీలు, ఆ తర్వాతి ట్రయల్ బ్యాలెన్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత షాపు లెక్కలు రాసేవారికి, అలాంటి షాపుల్లో అకౌంట్స్ చూసేవారికి మార్చి 31 దగ్గరపడగానే వచ్చే ప్రశ్నలివి. జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ వాడాం. తెనాలిలో ఒక్కరే యజమానిగా ఉన్న ఒక బట్టల షాపు అనుకుందాం. 2025 మార్చి 31న, సర్దుబాటు ఎంట్రీలన్నీ వేశాక, దాని ట్రయల్ బ్యాలెన్స్ ఇలా ఉంది. జీఎస్‌టీ లెక్కలు కలపలేదు, అంకెలు రూపాయల్లో.

| ఖాతా | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| ప్రారంభ స్టాక్ | 3,20,000 | |
| కొనుగోళ్లు | 18,40,000 | |
| కొనుగోలు వాపసులు | | 40,000 |
| అమ్మకాలు | | 24,60,000 |
| అమ్మకాల వాపసులు | 60,000 | |
| సరుకు తెచ్చిన లారీ కిరాయి, హమాలీ | 30,000 | |
| షాపు అద్దె | 1,44,000 | |
| జీతాలు | 1,80,000 | |
| కరెంటు బిల్లు | 36,000 | |
| తరుగుదల | 20,000 | |
| వచ్చిన డిస్కౌంట్ | | 12,000 |
| సొంతవాడకాలు | 1,50,000 | |
| మూలధనం | | 6,00,000 |
| ఫర్నిచర్ (తరుగుదల పోగా) | 1,80,000 | |
| రావలసిన బాకీలు | 2,10,000 | |
| నగదు | 25,000 | |
| బ్యాంకు | 1,67,000 | |
| సరుకు ఇచ్చినవారికి బాకీ | | 2,35,000 |
| ఇవ్వాల్సిన జీతాలు | | 15,000 |
| మొత్తం | 33,62,000 | 33,62,000 |

మార్చి 31 రాత్రి షాపు మూశాక లెక్కించిన ముగింపు స్టాక్ విలువ 3,80,000. అది పై పట్టికలో లేదు.

ఏ ఖాతాలను మూయాలి, వేటిని ముట్టుకోకూడదు?

ఒక ఏడాదికి మాత్రమే చెందినవాటిని మూయాలి. అమ్మకాలు, కొనుగోళ్లు, అద్దె, జీతాలు, డిస్కౌంట్ లాంటివి ఏప్రిల్ 1న మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి. ఈ ఏడాది అద్దె 1,44,000 అలాగే ఉండిపోతే వచ్చే ఏడాది అద్దె దాని మీద పేరుకుపోతుంది, అప్పుడు ఏ ఏడాది లాభం ఎంతో చెప్పలేం.

నగదు, బ్యాంకు, ఫర్నిచర్, బాకీలు, మూలధనం మాత్రం తేదీ మారినంత మాత్రాన మాయం కావు. అవి అదే నిల్వతో కొత్త ఏడాదిలోకి వెళ్తాయి.

తికమక వచ్చేది పేరు చూస్తే ఖర్చులా కనిపించే ఖాతాల దగ్గర. 'ఇవ్వాల్సిన జీతాలు' అప్పు, 'ముందుగా కట్టిన అద్దె' ఆస్తి. పేరుకుపోయిన తరుగుదలకు వేరే ఖాతా నడుపుతుంటే అదీ ఆస్తికి జతగా మిగలాల్సిందే. రాని బాకీల కోసం కేటాయించిన మొత్తం, జీఎస్‌టీ ఇన్‌పుట్, జీఎస్‌టీ అవుట్‌పుట్, టీడీఎస్ ఖాతాలు కూడా అంతే. వీటిలో దేన్నీ లాభనష్టాల ఖాతాకు తీసుకెళ్లి మూయకూడదు.

క్లోజింగ్ ఎంట్రీలకు ముందు ఏం పూర్తై ఉండాలి?

సర్దుబాట్లన్నీ. మార్చి జీతంలో 15,000 ఇంకా ఇవ్వలేదు కాబట్టి జీతాల ఖాతా డెబిట్ చేసి, ఇవ్వాల్సిన జీతాల ఖాతా క్రెడిట్ చేశారు. అందుకే పైన జీతాలు 1,80,000 కనిపిస్తున్నాయి, చేతికి ఇచ్చింది 1,65,000 మాత్రమే. తరుగుదల 20,000 కూడా అలాగే వేశారు. ఇవి మర్చిపోయి ముందే ఖాతాలు మూసేస్తే, తర్వాత గుర్తొచ్చిన ప్రతి సర్దుబాటుకూ మూసిన ఖాతాను మళ్లీ తెరిచి, మళ్లీ మూసి, లాభాన్ని మళ్లీ మార్చాల్సి వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో బ్యాంకు ఖాతాను సరిపోల్చడం కూడా ఈ దశలోనే జరగాలి, ఎందుకంటే బ్యాంకు కోసుకున్న చార్జీలు చాలాసార్లు అక్కడే బయటపడతాయి.

ట్రేడింగ్ ఖాతాకు బదిలీ ఎంట్రీలు ఏ వరుసలో వేయాలి?

సూత్రం ఒక్కటే: ఖాతాలో ఏ వైపు నిల్వ ఉందో దానికి ఎదురువైపు అంతే మొత్తం వేస్తే అది సున్నా అవుతుంది. డెబిట్ నిల్వ ఉన్న కొనుగోళ్లను క్రెడిట్ చేస్తాం, క్రెడిట్ నిల్వ ఉన్న అమ్మకాలను డెబిట్ చేస్తాం.

ముందుగా వాపసులను వాటి అసలు ఖాతాల్లో కలిపేయండి. కొనుగోలు వాపసులు డెబిట్ 40,000, కొనుగోళ్లు క్రెడిట్ 40,000. అమ్మకాలు డెబిట్ 60,000, అమ్మకాల వాపసులు క్రెడిట్ 60,000. దీంతో కొనుగోళ్లు 18,00,000కు, అమ్మకాలు 24,00,000కు వస్తాయి.

తర్వాత మూడు ఎంట్రీలు.

ఒకటి: ట్రేడింగ్ ఖాతా డెబిట్ 21,50,000. దానికి ఎదురుగా ప్రారంభ స్టాక్ క్రెడిట్ 3,20,000, కొనుగోళ్లు క్రెడిట్ 18,00,000, లారీ కిరాయి హమాలీ క్రెడిట్ 30,000.

రెండు: అమ్మకాలు డెబిట్ 24,00,000, ట్రేడింగ్ ఖాతా క్రెడిట్ 24,00,000.

మూడు: ముగింపు స్టాక్ డెబిట్ 3,80,000, ట్రేడింగ్ ఖాతా క్రెడిట్ 3,80,000.

ఇప్పుడు ట్రేడింగ్ ఖాతాలో క్రెడిట్ వైపు 27,80,000, డెబిట్ వైపు 21,50,000. తేడా 6,30,000 స్థూల లాభం. ట్రేడింగ్ ఖాతా డెబిట్ 6,30,000, లాభనష్టాల ఖాతా క్రెడిట్ 6,30,000 అని రాస్తే ట్రేడింగ్ ఖాతా కూడా మూతపడుతుంది.

కిరాయి విషయంలో ఒక జాగ్రత్త. సరుకు షాపుకు తెచ్చుకున్న కిరాయే ఇక్కడికి వస్తుంది. కస్టమర్‌కు పంపడానికి పెట్టిన కిరాయి అమ్మకపు ఖర్చు, అది లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. చివరి లాభం మారదు గానీ స్థూల లాభం మారిపోతుంది, పోయిన ఏడాదితో పోల్చడానికి పనికిరాకుండా పోతుంది.

మా ట్రయల్ బ్యాలెన్స్‌లో ముగింపు స్టాక్ ముందే కనిపిస్తోంది. దాన్ని మళ్లీ ట్రేడింగ్ ఖాతాలో వేయాలా?

వద్దు. అది ముందే కనిపిస్తోందంటే ఎవరో దాన్ని కొనుగోళ్ల ఖాతాలోంచి తగ్గించేశారన్నమాట. అలాంటి చోట ప్రారంభ స్టాక్ కూడా కొనుగోళ్లలో కలిసిపోయి ఉంటుంది. మన షాపు పుస్తకాలు ఆ పద్ధతిలో ఉంటే సర్దిన కొనుగోళ్లు 18,00,000 + 3,20,000 − 3,80,000 = 17,40,000 అని ఉండేవి. అప్పుడు ట్రేడింగ్ ఖాతాకు ఆ 17,40,000, కిరాయి 30,000 మాత్రమే బదిలీ చేయాలి. స్థూల లాభం అదే 6,30,000 వస్తుంది. పొరపాటున స్టాక్‌ను మళ్లీ క్రెడిట్ చేస్తే లాభం 3,80,000 ఎక్కువగా చూపిస్తుంది.

లాభనష్టాల ఖాతాకు మిగతా బదిలీలు ఎలా?

ఖర్చులన్నిటికీ కలిపి ఒకే ఎంట్రీ చాలు: లాభనష్టాల ఖాతా డెబిట్ 3,80,000, అద్దె క్రెడిట్ 1,44,000, జీతాలు క్రెడిట్ 1,80,000, కరెంటు క్రెడిట్ 36,000, తరుగుదల క్రెడిట్ 20,000. (ఖర్చుల మొత్తమూ ముగింపు స్టాకూ ఒకే అంకె కావడం ఈ ఉదాహరణలో కాకతాళీయం, కలిపి చదవకండి.)

ఆదాయం వైపు: వచ్చిన డిస్కౌంట్ డెబిట్ 12,000, లాభనష్టాల ఖాతా క్రెడిట్ 12,000.

క్రెడిట్ వైపు 6,42,000, డెబిట్ వైపు 3,80,000. నికర లాభం 2,62,000. లాభనష్టాల ఖాతా డెబిట్ 2,62,000, మూలధనం క్రెడిట్ 2,62,000. నష్టం వచ్చి ఉంటే ఈ చివరి ఎంట్రీ తిరగబడుతుంది: మూలధనం డెబిట్, లాభనష్టాల ఖాతా క్రెడిట్.

ప్రతి ఎంట్రీ కింద వివరణ ఒక్క లైనైనా రాయండి. రెండేళ్ల తర్వాత ఎవరో వచ్చి ఈ 3,80,000 ఏమిటని అడిగితే జవాబిచ్చేది ఆ లైనే.

సొంతవాడకాలు కూడా డెబిట్ నిల్వే కదా, ఖర్చులతో కలిపి మూసేయవచ్చా?

మూయకూడదు. యజమాని ఇంటికి తీసుకున్న డబ్బు షాపుకు ఖర్చు కాదు, ఆయన పెట్టుబడిలోంచి వెనక్కి తీసుకున్నది. అది నేరుగా మూలధనానికి వెళ్తుంది: మూలధనం డెబిట్ 1,50,000, సొంతవాడకాలు క్రెడిట్ 1,50,000. షాపు బ్యాంకు ఖాతాలోంచి కట్టిన యజమాని ఇన్‌కమ్ ట్యాక్స్, ఎల్ఐసీ ప్రీమియం, పిల్లల ఫీజు కూడా సొంతవాడకాలే. ఇంటి కోసం షాపులోంచి తీసుకెళ్లిన చీరలూ అంతే.

ఇది ఎందుకు గట్టిగా చెప్పాల్సి వస్తుందంటే, ఈ తప్పు ఆఖరి ట్రయల్ బ్యాలెన్స్‌లో అస్సలు కనిపించదు. 1,50,000ను ఖర్చుగా వేస్తే లాభం 1,12,000 అవుతుంది. మూలధనం 6,00,000 + 1,12,000 = 7,12,000. సరైన పద్ధతిలోనూ 6,00,000 + 2,62,000 − 1,50,000 = 7,12,000. మిగిలిన నిల్వలన్నీ ఒకటే, మొత్తాలూ ఒకటే. కానీ లాభం 1,50,000 తక్కువగా చూపించాం, ట్యాక్స్ రిటర్న్‌కు వెళ్లేది ఆ తప్పుడు అంకే. దీన్ని లాభనష్టాల ఖాతాలోని ఒక్కో లైనూ చదివితేనే పట్టుకోగలం.

క్లోజింగ్ తర్వాతి ట్రయల్ బ్యాలెన్స్‌లో ఏం మిగలాలి?

మన షాపుకు ఇదీ లెక్క.

| ఖాతా | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| ఫర్నిచర్ | 1,80,000 | |
| రావలసిన బాకీలు | 2,10,000 | |
| స్టాక్ | 3,80,000 | |
| నగదు | 25,000 | |
| బ్యాంకు | 1,67,000 | |
| మూలధనం | | 7,12,000 |
| సరుకు ఇచ్చినవారికి బాకీ | | 2,35,000 |
| ఇవ్వాల్సిన జీతాలు | | 15,000 |
| మొత్తం | 9,62,000 | 9,62,000 |

33 లక్షల పైచిలుకు మొత్తం 9 లక్షలకు దిగిపోయిందని కంగారు పడక్కర్లేదు. ఏడాది పొడవునా పోగైన అమ్మకాలు, కొనుగోళ్లు పక్కకు తప్పుకున్నాయి. ఇవే నిల్వలు ఆస్తి అప్పుల పట్టీలోకి వెళ్తాయి, ఇవే ఏప్రిల్ 1 ప్రారంభ నిల్వలు.

ఈ పట్టికను లెడ్జర్‌లోంచి రాసుకోవాలి. ఆస్తి అప్పుల పట్టీ చూసి ఎక్కించుకుంటే అది తనిఖీ కాదు, కాపీ.

రెండు వైపులా టాలీ అయింది. ఇక అంతా సరిగ్గా ఉన్నట్టేనా?

కాదు. నిజానికి క్లోజింగ్‌లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం టాలీని చెడగొట్టవు. ప్రతి క్లోజింగ్ ఎంట్రీకీ డెబిట్, క్రెడిట్ సమానంగానే ఉంటాయి కాబట్టి, ఎంట్రీ తప్పైనా, అసలు వేయకపోయినా రెండు వైపులూ కలిసే మారతాయి. కాబట్టి మొత్తాల కంటే ముందు ఖాతాల పేర్లు చదవాలి.

తరుగుదలను బదిలీ చేయడం మర్చిపోయారనుకోండి. లాభం 2,82,000, మూలధనం 7,32,000 అవుతుంది. క్రెడిట్ మొత్తం 9,82,000. డెబిట్ వైపు తరుగుదల 20,000 ఇంకా ఉంది కాబట్టి అదీ 9,82,000. చక్కగా టాలీ అయింది, కానీ ఖర్చు ఖాతా ఒకటి ఇంకా బతికే ఉంది. ఆ పేరు కనిపించడమే తప్పు దొరికిందనడానికి గుర్తు.

ఎంట్రీని తిరగేసి వేస్తే ఇంకో రకంగా ఉంటుంది. డిస్కౌంట్‌ను డెబిట్ చేయాల్సింది పోయి క్రెడిట్ చేశారు. 12,000 సున్నా కావడానికి బదులు 24,000 అయింది. లాభం 2,38,000కు, మూలధనం 6,88,000కు పడిపోయాయి. క్రెడిట్ వైపు 6,88,000 + 24,000 + 2,35,000 + 15,000 కలిపితే మళ్లీ 9,62,000, సరైన మొత్తమే! మూయాల్సిన ఖాతా సరిగ్గా రెట్టింపు నిల్వతో కనిపిస్తే ఎంట్రీ తిరగబడిందని అర్థం. సరిదిద్దేటప్పుడు కూడా 24,000కు వేయాలి. 12,000కు వేస్తే తప్పుడు ఎంట్రీ రద్దవుతుంది, అసలు బదిలీ మిగిలిపోతుంది.

మూడోది స్టాక్. ప్రారంభ, ముగింపు స్టాక్‌లకు ఒకే లెడ్జర్ వాడేచోట ప్రారంభ స్టాక్ 3,20,000ను బయటకు తీయడం మర్చిపోతే స్టాక్ 7,00,000 అని కూర్చుంటుంది, మొత్తాలు రెండూ 12,82,000. ఇక్కడ పేరు కూడా పట్టివ్వదు, ఎందుకంటే స్టాక్ ఉండాల్సిన ఖాతాయే. దీన్ని పట్టించేవి రెండు: లెక్కించి రాసిన స్టాక్ షీటు, స్థూల లాభం శాతం. సరైన లెక్కలో స్థూల లాభం 24,00,000 మీద 26.25 శాతం. తప్పు లెక్కలో 9,50,000, అంటే 39.6 శాతం. ఒక బట్టల షాపు మార్జిన్ ఏడాదిలో అలా ఎగబాకితే యజమానికే నమ్మకం కలగదు.

అందుకే పేర్లు చూశాక ప్రతి నిల్వకూ బయట ఒక సాక్ష్యం వెతకాలి. బ్యాంకుకు సరిపోల్చిన స్టేట్‌మెంట్, నగదుకు గల్లాపెట్టెలో లెక్కించిన డబ్బు, బాకీలకు పార్టీలవారీ జాబితా మొత్తం, మూలధనానికి పాత నిల్వ, లాభం, సొంతవాడకాల లెక్క. అసలు పుస్తకాల్లోకే రాని బిల్లు మాత్రం ఈ పట్టికలో ఏ మూలా కనిపించదు, దాన్ని ఏప్రిల్‌లో వచ్చే బిల్లుల తేదీలు చూసి పట్టుకోవాల్సిందే.

అసలు టాలీయే కాకపోతే?

ముందు, క్లోజింగ్‌కు ముందటి ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయిందో లేదో చూడండి. అది సరిగ్గా ఉంటే తప్పు కొత్త పోస్టింగుల్లోనో, కూడికలోనో, పట్టికలోకి ఎక్కించడంలోనో ఉంది. తేడాను సగం చేసి చూడండి. ఇవ్వాల్సిన జీతాలు 15,000ను డెబిట్ వైపు రాసేస్తే తేడా 30,000 వస్తుంది. తేడా 9తో భాగించబడితే అంకెలు తారుమారై ఉండొచ్చు: 1,67,000ను 1,76,000 అని రాస్తే తేడా 9,000. తేడా ఒక ఖాతా నిల్వతో సరిగ్గా సరిపోతే ఆ ఖాతా పట్టికలోకి ఎక్కలేదేమో చూడండి. చేతి పుస్తకాలకు ఈ చిట్కాలు బాగా పనిచేస్తాయి.

టాలీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఈ ఎంట్రీలన్నీ వేయాలా?

అమ్మకాలు, ఖర్చుల ఖాతాలను ఒక్కొక్కటిగా మూయనక్కర్లేదు. కొత్త ఏడాది తేదీల్లో చూస్తే అవి సున్నా ప్రారంభ నిల్వతోనే వస్తాయి, లాభం `Profit & Loss A/c` అనే లెడ్జర్‌లో చేరుతుంది. అయితే ఆ లాభాన్ని మూలధనానికి పంపడం, సొంతవాడకాలను మూలధనంలో కలపడం మీరే చేయాలి. మార్చి 31 తేదీతో జర్నల్ వోచర్‌లో `Profit & Loss A/c` డెబిట్ 2,62,000, మూలధనం క్రెడిట్ 2,62,000. మరో వోచర్‌లో మూలధనం డెబిట్ 1,50,000, సొంతవాడకాలు క్రెడిట్ 1,50,000. ఇవి వేయని షాపుల్లో ఐదారేళ్ల లాభం, ఐదారేళ్ల సొంతవాడకాలు విడివిడిగా పేరుకుపోయి, మూలధనం మాత్రం మొదటి రోజు అంకె దగ్గరే నిలబడి ఉంటుంది.

స్టాక్ వివరాలు సాఫ్ట్‌వేర్‌లో నడపకుండా అకౌంట్స్ మాత్రమే రాసేవారు ముగింపు స్టాక్ విలువను `Stock-in-Hand` గ్రూపులోని లెడ్జర్‌లో మార్చి 31 తేదీకి స్వయంగా నమోదు చేయాలి. అది ఖాళీగా ఉంటే లాభం తప్పుగా చూపిస్తుంది.

పార్టనర్‌షిప్, కంపెనీల్లో ఏం మారుతుంది?

లాభం తేలేవరకు దారి ఒకటే, ఆ తర్వాతే మారుతుంది. పార్టనర్‌షిప్‌లో లాభాన్ని లాభాల కేటాయింపు ఖాతాకు పంపి, ఒప్పందం ప్రకారం పెట్టుబడి మీద వడ్డీ, పార్టనర్ల జీతం తీసి, మిగిలింది వాటాల ప్రకారం పంచుతారు. ఒప్పందంలో వాటాల మాట లేకపోతే 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం సమానంగా పంచాలి. కంపెనీలో వాటా మూలధనాన్ని ముట్టుకోరు, లాభం రిజర్వులు, మిగులు కింద చేరుతుంది.

ఏప్రిల్ 1న ఇవ్వాల్సిన జీతాల ఎంట్రీని రివర్స్ చేయాలా?

తప్పనిసరి కాదు, సౌకర్యం కోసం చేస్తారు. ఇవ్వాల్సిన జీతాలు డెబిట్ 15,000, జీతాలు క్రెడిట్ 15,000 అని ఏప్రిల్ 1న వేస్తే, ఆ డబ్బు చెల్లించినప్పుడు గుమాస్తా మామూలుగానే జీతాల ఖాతా డెబిట్ చేయవచ్చు. రెండూ రద్దైపోయి కొత్త ఏడాది ఖర్చు మీద ప్రభావం ఉండదు. రివర్స్ చేయకపోతే చెల్లించేటప్పుడు ఇవ్వాల్సిన జీతాల ఖాతానే డెబిట్ చేయాలని గుర్తుంచుకోవాలి, లేదంటే పాత ఏడాది జీతం కొత్త ఏడాది ఖర్చులో కలుస్తుంది.

రివర్స్ చేసినచోట ఏప్రిల్ 1న జీతాల ఖాతాలో 15,000 క్రెడిట్ నిల్వ కనిపిస్తుంది. అది తప్పు కాదు. క్లోజింగ్ తర్వాతి ట్రయల్ బ్యాలెన్స్‌ను ఈ ఎంట్రీకి ముందే, మార్చి 31 తేదీతో తీసి పెట్టుకుంటే ఈ అనుమానమే రాదు.

ఖాతాలు మూశాక మే నెలలో మార్చి నాటి బిల్లు ఒకటి దొరికింది. ఏం చేయాలి?

లెక్కలు ఇంకా ఖరారు కాకపోతే, అంటే సంతకాలు, రిటర్న్ ఏవీ కాకపోతే, మార్చి 31 తేదీతోనే వేయండి. 4,000 కరెంటు బిల్లు అనుకుంటే: కరెంటు ఖర్చు డెబిట్ 4,000, ఇవ్వాల్సిన కరెంటు బిల్లు క్రెడిట్ 4,000. తర్వాత ఆ ఖర్చును లాభనష్టాల ఖాతాకు, అక్కడి నుంచి మూలధనానికి తీసుకెళ్లాలి. ఈ రెండో భాగం మర్చిపోతే కరెంటు ఖాతా 4,000తో మిగిలిపోతుంది. పూర్తయ్యాక లాభం 2,58,000, మూలధనం 7,08,000 అవుతాయి. ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం మాత్రం 9,62,000 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే మూలధనం తగ్గినంత అప్పు పెరిగింది. ఏప్రిల్ 1 ప్రారంభ నిల్వలు చేతితో ఎక్కించుకున్నవారు అక్కడ కూడా ఈ రెండు అంకెలు మార్చాలి.

లెక్కలు ఖరారైపోయి ఉంటే, చిన్న షాపులో ఇంత చిన్న మొత్తాన్ని దొరికిన ఏడాదిలోనే, పాత ఏడాదికి చెందినదని వివరణ రాసి ఖర్చుగా చూపిస్తారు. మొత్తం పెద్దదైతే ఎంట్రీ వేసేముందు మీ ఆడిటర్‌తో మాట్లాడండి.